వెలిసిపోయిన కుటుంబ ఫోటో: ఏ ఊరో పెదనాన్నగారిని ఉత్తరంలో ఎలా అడగాలి?

తులసికోట
అందరికీ నమస్కారం. నేను కెనడాలో ఉంటాను. నాయనమ్మ పెట్టెలో దొరికిన ఫోటో ఒకటి స్కాన్ చేసి పంపారు. చదరంగా ఉంది, పక్కకు 9 సెంటీమీటర్లు, చుట్టూ తెల్ల అంచు. నలుపు తెలుపు ఫోటోనే కానీ పసుపు పచ్చగా మారి సగం వెలిసిపోయింది. మెట్ల మీద ఏడుగురు నిలబడ్డారు. వెనక నది, నది మీద కుడివైపు నుంచి దూరంగా పోతున్న వంతెన. వెనకవైపు పెన్నుతో "పుష్కరాలు" అని మాత్రమే రాసి ఉంది.

ఆ ఏడుగురిలో ఇప్పుడు ఉన్నది మా పెదనాన్నగారు ఒక్కరే. 1942లో పుట్టారు. చెవి సరిగా వినబడదు కాబట్టి ఫోన్లో కుదరదు, ఉత్తరమే రాయాలి. ఇలా రాశాను:

"పెదనాన్నగారూ, నమస్కారం. ఈ ఫోటో విజయవాడ కృష్ణలో పుష్కరాలకు వెళ్లినప్పటిదేనా? వెనక కనిపించేది ప్రకాశం బ్యారేజీ అనుకుంటున్నాను. ఏ సంవత్సరమో, ఎవరెవరు ఉన్నారో, అప్పటి విశేషాలన్నీ వివరంగా రాయగలరు."

ఇందులో ఏమైనా మార్చాలా?

రేవుగట్టు
అది విజయవాడ కాదండీ, రాజమండ్రి. పసుపు పోగొట్టడానికి స్కాన్‌ని మామూలు నలుపు తెలుపులోకి మార్చేయండి, స్పష్టంగా వస్తుంది. వంతెన చూస్తే పాత గోదావరి రైలు వంతెనలా ఉంది. 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన ఫోటోలో లేదు. కాబట్టి ఫోటో అంతకు ముందుది. గోదావరి పుష్కరాలు 1967లో వచ్చాయి, లెక్క సరిపోయింది. ఉత్తరం అక్కర్లేదు.

నీలిసిరా
రేవుగట్టు గారూ, ఊరి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ ఉత్తరం ఇలా వెళ్లకూడదు. తులసికోట గారూ, మీరు ప్రశ్నలోనే జవాబు పెట్టారు. ఎనభై దాటిన మనిషికి పిల్ల "విజయవాడేనా?" అని రాస్తే, ఆయనకు గట్టిగా గుర్తులేకపోయినా "అవునమ్మా, అదే" అంటారు. అది అబద్ధం కాదు. మీరు చెప్పిన ఊరి పేరు చుట్టూ ఆయన మనసే మిగతాది అల్లుకుంటుంది. తర్వాత రాజమండ్రి అని మీరే రుజువు చేసినా ఆయన జ్ఞాపకంలోంచి విజయవాడ పోదు. మొదటిసారి అడిగేదే మేలిమి జవాబు, దాన్ని పాడుచేసుకోకండి. మీ ఉత్తరంలో ఏ ఊరి పేరూ, ఏ నది పేరూ ఉండకూడదు. వెనకున్న "పుష్కరాలు" అన్న మాట కూడా చెప్పకండి. అది ఎవరు, ఎప్పుడు రాశారో మనకు తెలియదు.

ఇంకోటి. "ఇది ఏ ఊరు?" అని నేరుగా అడిగితే పెద్దవాళ్లు ఫోటోలో ఉన్న చోటు చెప్పరు, ఆ ప్రయాణం పేరు చెబుతారు. అన్నవరం వెళ్లొస్తూ దారిలో నది దగ్గర ఫోటో దిగి ఉంటే "అన్నవరం" అంటారు. అందుకని చోటును ముక్కలు చేసి అడగాలి. ఫోటో ఎవరు తీశారు, ఆ రోజు ఎక్కడ దిగారు, అక్కడి నుంచి ఈ మెట్ల దాకా నడిచారా బండెక్కారా, ఎండ ఎటు నుంచి పడుతోంది. ఊరి పేరు తప్పు చెప్పే మనిషి కూడా "రైలు దిగి నడిచాం" అన్నది సాధారణంగా తప్పు చెప్పరు.

తులసికోట
అర్థమైంది. మరి పుష్కరాలు అన్న ఒక్క ఆధారం కూడా చెప్పకపోతే ఆయనకు పట్టు ఎలా దొరుకుతుంది?

నీలిసిరా
మనుషుల నుంచి దొరుకుతుంది. ముందు ముఖాలు, తర్వాత సందర్భం, చివర చోటు. ఈ వరస మార్చకండి. ముఖం గుర్తుపడితే ఆ మనిషి వెంట రోజు వస్తుంది, రోజు వెంట ఊరు వస్తుంది.

పాతఆల్బం
స్కాన్ గురించి ఒక మాట. నలుపు తెలుపులోకి మార్చేస్తే చాలు అన్నది సగమే నిజం. అలా మారిస్తే స్కాన్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలు మూడూ కలిసిపోతాయి, వెలిసిన చోట మిగిలిన కాస్త వివరమూ పలచబడుతుంది. పాత నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ సన్నటి వెండి రేణువులతో ఏర్పడుతుంది. కడిగేటప్పుడు హైపో అనే రసాయనం సరిగా పోకపోతే అది ఏళ్ల తరబడి ఆ వెండిని తినేసి పసుపు గోధుమ రంగులోకి తెస్తుంది. పసుపు రంగు నీలి వెలుగును ఆపేస్తుంది. అందుకే కంటికి కనబడని వెలిసిన గీతలు నీలి పొరలో ముదురుగా తేలతాయి. ఆకాశంలో కరిగిపోయిన వంతెన కమ్మీలు అక్కడే దొరకాలి.

స్కాన్ ఎంతలో చేశారు? 600 డీపీఐ, టిఫ్ అయితే మంచిది. వాట్సాప్‌లో ఫోటోగా పంపి ఉంటే అది కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా మళ్లీ పంపించుకోండి. తర్వాత కంప్యూటర్లో ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రాం ఉంటే:

```
magick photo.tif -channel B -separate +channel -auto-level blue.png
magick photo.tif -channel R -separate +channel -auto-level red.png
```

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. బొమ్మే పసుపుగా మారితే నీలి పొర మేలు. బొమ్మ బాగానే ఉండి కాగితం మీద మాత్రం పసుపు మరక ఉంటే ఎర్ర పొర మేలు, అందులో మరక మాయమవుతుంది. చాలా ఫోటోల్లో ఈ రెండూ ఉంటాయి. కాబట్టి వంతెన ఒక దాంట్లో, ముఖాలు ఇంకో దాంట్లో బాగుండొచ్చు.

చుక్కమల్లె
మా ఇంట్లో 1980 నాటి పెళ్లి ఫోటోలు ఎర్రగా మారిపోయాయి. వాటికీ ఈ నీలి పొరేనా? ఎవరైనా రంగులు మళ్లీ వేసిస్తారా?

పాతఆల్బం
చుక్కమల్లె గారూ, మీవి రంగుల ఫోటోలు, కథ వేరు. వాటిలో నీలం ఆకుపచ్చ కలిసిన రంగు చీకట్లో పెట్టినా పోతుంది, ఎరుపు మిగులుతుంది. వివరం కావాలంటే ఆకుపచ్చ పొర తీసి చూడండి. రంగులు వేయించడం గురించి వేరే చర్చ పెట్టండి, ఇక్కడ కలిపితే తులసికోట గారి విషయం చెదిరిపోతుంది.

తులసికోట
పాతఆల్బం గారూ, టిఫ్ తెప్పించుకుని చేశాను. నీలి పొరలో వంతెన స్తంభాలు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి! స్తంభాలు బాగా దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒకే అంతస్తు. పైన విల్లులాంటి కమాన్లు లేవు. మెట్ల మీద ఈ ఏడుగురు తప్ప వెనక ఇద్దరో ముగ్గురో, అంతే.

రేవుగట్టు
చూశారా, నేను చెప్పినట్టే. పాత రైలు వంతెన 1900లో తెరిచారు, స్తంభాల మధ్య 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు, అంటే 46 మీటర్ల లోపు. 1974 నాటి వంతెనలో చాలా ఖానాలు 91 మీటర్ల పైచిలుకు, పైన రోడ్డు, కింద రైలు. విల్లు కమాన్ల వంతెన 1997లో వచ్చింది. స్తంభాలు దగ్గరగా, ఒకే అంతస్తు అంటే పాతదే. ప్రకాశం బ్యారేజీ 1957లో కట్టారు. దానికి వరసగా గేట్లు, పైన రోడ్డు ఉంటాయి, ఇలా కనబడదు.

వరండా
వంతెన విషయంలో రేవుగట్టు గారితో ఏకీభవిస్తాను, సంవత్సరం విషయంలో కాదు. 1974 వంతెన ఫ్రేములో కనబడకపోవడం అప్పటికి అది లేదనడానికి రుజువు కాదు. చదరపు ఫోటో అంటే బహుశా 120 ఫిల్ము. అప్పట్లో మన ఇళ్లలో ఎక్కువగా కనిపించిన ఆగ్ఫా క్లిక్ 3 లాంటి డబ్బా కెమెరా అనుకుందాం. దాని కంటికి పక్కల నుంచి పక్కలకు 40 డిగ్రీల కొంచెం పైన మాత్రమే ఆనుతుంది. నదిని ఎదురుగా చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకు 180 డిగ్రీలు. కెమెరా ఒక వంతెన వైపు తిరిగి ఉంటే రెండోది ఫోటోకు బయట ఉండిపోవచ్చు. వంతెన కనబడితే "ఆ సంవత్సరం తర్వాత" అనొచ్చు. కనబడకపోతే ఏమీ అనలేం.

ఇంకో ముఖ్యమైన సంగతి. తులసికోట గారూ, ఫోటో తిరగబడి అచ్చయిందేమో చూడండి. నెగెటివ్‌ని తలకిందులుగా కాదు, వెనక పక్క పైకి పెట్టి అచ్చు తీస్తే ఎడమ కుడి అవుతుంది. బొమ్మ మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వంతెన "కుడివైపు" అన్నారు. ఊరు గుర్తించడంలో అది కీలకం.

తులసికోట
నాయనమ్మ పైట కుడి భుజం మీద ఉంది. అంటే తిరగబడిందనేనా?

రేవుగట్టు
అంతే, పైట ఎడమ భుజం మీదే వేస్తారు. తిరగబడింది.

వరండా
ఒక్క పైటతో తేల్చకండి. కుడిపైట వేసే కుటుంబాలు మన దగ్గర ఉన్నాయి, ఆ తరంలో ఇంకా ఎక్కువ. మగవాళ్ల చొక్కా చూడండి. జేబు తొడుక్కున్న మనిషికి ఎడమ రొమ్ము మీద ఉంటుంది, అంటే చూసే మనకు కుడిపక్క. గుండీల పట్టీలో ఎడమ పట్టీ పైకి వస్తుంది. చేతి గడియారం ఎడమ చేతికి. ఈ మూడింట్లో రెండు తిరగబడితే ఫోటో తిరగబడ్డట్టే. బోర్డు మీద అక్షరాలుంటే ఇవేవీ అక్కర్లేదు, అవే చెబుతాయి.

తులసికోట
ముగ్గురు మగవాళ్లలో ఇద్దరికి జేబులు కనబడుతున్నాయి. రెండూ మనకు ఎడమపక్కనే. ఒకరి గడియారం కుడి చేతికి ఉంది.

వరండా
అయితే తిరగబడింది. నిజంగా వంతెన ఫోటోలో ఎడమవైపు ఉండాలి. ఇది చిన్న తేడా కాదు. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది, కొవ్వూరు పడమటి గట్టున. రాజమండ్రి మెట్ల మీద నిలబెట్టి వెనక నది పడేలా తీస్తే కెమెరా పడమరను చూస్తుంది. అప్పుడు ఎడమ అంటే దక్షిణం. వంతెన ఎడమవైపు ఉంటే వాళ్లు వంతెనకు ఉత్తరాన ఉన్న రేవులో ఉన్నారు. తిరగబడిన ఫోటోని నమ్మితే వంతెనకు దక్షిణాన వెతుకుతారు. కొవ్వూరు గట్టు అయితే ఇదంతా తారుమారు: కెమెరా తూర్పును చూస్తుంది, ఎడమ ఉత్తరం అవుతుంది, రేవు వంతెనకు దక్షిణాన పడుతుంది.

ఇక్కడ ఎండ పనికొస్తుంది. ముఖాల మీద వెలుగు ముందు నుంచి ఉందా, వెనక నుంచి ఉందా? ఫోటో తిరగబడినా అది మారదు, ఎడమ కుడి మాత్రమే మారతాయి. ముఖాలు వెలుగులో ఉండి, తీసింది పొద్దున అయితే తూర్పు గట్టు. ముఖాలు వెలుగులో ఉండి సాయంత్రం అయితే పడమటి గట్టు. పొద్దునో సాయంత్రమో ఫోటో చెప్పదు, మీ పెదనాన్నగారు చెప్పాలి. మిట్టమధ్యాహ్నం తీసి ఉంటే ఈ లెక్క పనిచేయదు. నీడలు మనిషి పొడవుకు తగ్గకుండా ఉన్నాయో లేదో చూసుకోండి.

తులసికోట
ముఖాల మీద ఎండ బాగా పడుతోంది, కళ్లు చికిలించి ఉన్నారు. మెట్ల మీద నీడలు పొడవుగా వెనక్కి పడ్డాయి. ఉత్తరం మళ్లీ రాశాను, చూడండి:

"పెదనాన్నగారికి, మీ సుజాత నమస్కారాలు.
దీంతో రెండు కాగితాలు పంపుతున్నాను. మొదటి కాగితంలో ఏడుగురు ఉన్నారు. ఒక్కొక్కరికీ అంకె వేశాను. ఎవరో గుర్తొస్తే అంకె పక్కన పేరు రాయండి. గుర్తురాకపోతే గీత పెట్టి వదిలేయండి.
రెండో కాగితంలో వాళ్ల వెనక ఉన్నది మాత్రమే ఉంది.
1. ఈ ఫోటో ఎవరు తీశారు?
2. ఆ రోజు మీరంతా ఎక్కడి నుంచి బయల్దేరారు? దేనిలో వచ్చారు? దిగాక ఈ మెట్ల దాకా ఎలా వచ్చారు?
3. ఎందుకు వచ్చారు?
4. ఇది పొద్దున తీసిందా, సాయంత్రమా?
5. మీతో రావాల్సి ఉండి రాలేకపోయిన వాళ్లెవరైనా ఉన్నారా?
6. ఈ చోటు ఏదనుకుంటున్నారు? గట్టిగా తెలుసా, అనుకుంటున్నారా?"

నీలిసిరా
ఇది బాగుంది. అయిదో ప్రశ్న చాలా మంచిది. రానివాళ్ల గురించి అడిగితే సంవత్సరం బయటపడుతుంది. ఆరో ప్రశ్నలో "గట్టిగా తెలుసా, అనుకుంటున్నారా" అన్నది కూడా తీసేయకండి. ఆయనకు సందేహపడే చోటు ఇచ్చారు.

ఇక కాగితం సంగతి. అక్షరం 20 పాయింట్లు, వరసల మధ్య ఒకటిన్నర ఎడం. తెలుగులో ఒత్తులు కింది వరసను తాకితే చూపు మందగించినవాళ్లు చదవలేరు. ప్రశ్న కింద చేత్తో రాయడానికి మూడు నాలుగు గీతలు, వేలెడు ఎడంతో. కాగితం మెరవకూడదు. ఫోటో కూడా మ్యాట్ కాగితం మీదే అచ్చు వేయించండి, మెరిసే కాగితం మీద దీపం వెలుగు పడి ముఖం కనబడదు. 9 సెంటీమీటర్ల ఫోటోని 20 సెంటీమీటర్లకు పెంచవచ్చు, 600 డీపీఐ స్కాన్ దానికి సరిపోతుంది. అంకెలు ముఖాల మీద వేయకండి. పక్కన మనుషుల ఆకారాల గీతబొమ్మ వేసి అందులో వేయండి. అసలు ఫోటో మాత్రం పోస్టులో పంపొద్దు.

రెండో కాగితంలో మనుషుల్ని తెల్లగా కప్పేశారా? అదే సరైనది. ముఖాలుంటే చూపు వాటి మీదే ఆగిపోతుంది. తిరగబడిన బొమ్మని సరిచేసి పంపండి, లేకపోతే ఆయన నిలబడి చూసిన నది, కాగితం మీది నది వేరవుతాయి.

చివరిగా, చదివి వినిపించేది ఎవరు? వాళ్లకు వేరే చీటీ రాయండి: "మీరు ఊరి పేరు చెప్పవద్దు. ఆయన మొదట అన్న మాట అన్నట్టే రాయండి, 'ఏమో' అన్నా రాయండి." ఇంట్లో ఎవరైనా "రాజమండ్రి కదూ" అంటే ఇంత శ్రమా పోయినట్టే.

తులసికోట
అక్కడ ఉన్న అక్కకు ఫైళ్లు పంపి దగ్గర్లో ప్రింటు తీయించాను, చీటీ కూడా పెట్టాను. జవాబు వచ్చింది. అక్క రాసినట్టే పెడుతున్నాను.

"ఫోటో తీసింది మీ తాతయ్య స్నేహితుడు, రైల్వేలో పనిచేసేవాడు, కెమెరా ఆయనదే. రాత్రి రైలెక్కి తెల్లవారుతుండగా గోదావరి స్టేషన్లో దిగాం. అక్కడి నుంచి నడిచే వచ్చాం, దగ్గరే. స్నానాలయ్యాక తీశాడు, ఎండ మొహం మీద కొట్టింది. 1 నాన్న, 2 అమ్మ, 3 నేను, 4 చిన్నత్త, 6 బాబాయి, 7 ఎవరో ఏమో. 5 మీ నాన్న కాదు, చిన్నత్త కొడుకు. మీ నాన్నకు జ్వరమొచ్చి అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చాం. రాజమండ్రి రేవు. పుష్కరాలు కాదమ్మా, పుష్కరాలకి మెట్ల మీద అడుగు పెట్టే చోటుంటుందా."

చివరి మాట ఎలా అన్నారో అక్కను అడిగాను. ఫోటో వెనక రాతను ఎవరూ చూపించలేదట, "ఎందుకు వచ్చారు" అన్న ప్రశ్నకు ఆయనే అన్నారట. నేను ఇన్నాళ్లూ 5 నంబరు పిల్లవాడే నాన్న అనుకున్నాను.

వరండా
మీరు ఏదీ అందించకుండానే మూడు విషయాలు విడివిడిగా కలిశాయి. గోదావరి స్టేషన్ రాజమండ్రి వైపే ఉంది, కొవ్వూరుకు వేరే స్టేషన్. పొద్దున, ఎండ ముఖం మీద అంటే తూర్పు గట్టు. స్తంభాలు దగ్గరగా ఉన్న వంతెన. ఊరు తేలింది. వంతెనకు ఉత్తరాన ఉన్న రేవు అనేదాకా నేను నిలబడతాను. ఏ రేవన్నది మెట్ల ఆకారంతో తేల్చలేం, పుష్కరాలప్పుడల్లా మెట్లు మళ్లీ కడుతూ, పెంచుతూ వచ్చారు.

రేవుగట్టు
పుష్కరాలు కాదంటే 1967 పోయినట్టేనా? వెనక రాత మరి?

నీలిసిరా
పుష్కరాలు కాదన్న ఆయన మాటను ఫోటో బలపరుస్తోంది. పన్నెండు రోజుల్లో ఏ పొద్దునైనా ఆ మెట్లు అంత ఖాళీగా ఉండవు. వెనక రాసినవాళ్లు నది చూసి తర్వాతెప్పుడో ఊహించి రాసి ఉండొచ్చు, లేదా పుష్కరాల ఏడాదిలోనే వేరే రోజు వెళ్లి ఉండొచ్చు. రెండోది కొట్టిపారేయలేం. బాల్‌పెన్నా, సిరా పెన్నా? వెనక పక్కన టార్చి లైటు బల్లకు ఆనించి అడ్డంగా వేసి చూస్తే బాల్‌పెన్ను గాడి కనబడుతుంది. దాని కింద చెరిపేసిన పెన్సిల్ రాతో, స్టూడియో ముద్రో, నెగెటివ్ నంబరో ఉంటే అదీ తేలుతుంది.

పాతఆల్బం
ఆల్బంలో అంటించి ఉంటే మాత్రం పీకకండి. మీకు వెనక రాత కనబడుతోంది కాబట్టి విడిగానే ఉన్నట్టుంది.

తులసికోట
విడిగానే ఉంది. టార్చి వేసి చూడమని అక్కకు చెప్పాను. నాన్న 1956లో పుట్టారు కాబట్టి ఫోటో ఆ తర్వాతది. 5 నంబరు పిల్లవాడికి ఏడెనిమిదేళ్లు ఉంటాయి. చిన్నత్త కొడుకు ఇప్పుడు విశాఖలో ఉన్నారు. ఆయన పుట్టిన ఏడాది తెలిస్తే రెండు మూడేళ్ల తేడాతో తేలుతుంది కదా? 7 నంబరు ఆవిడ గురించి పెదనాన్నగారిని మళ్లీ అడగొచ్చా?

నీలిసిరా
పిల్లవాడి వయసుతో తేల్చవచ్చు. ఆయనకు కూడా ఇదే ఉత్తరం, ఇవే ప్రశ్నలు, పెదనాన్నగారి జవాబు చూపించకుండా పంపండి. 7 నంబరు గురించి పెదనాన్నగారి వెంట అప్పుడే పడకండి. "ఎవరో ఏమో" అన్నవాళ్లని మళ్లీ అడిగితే ఏదో ఒక పేరు చెప్పాలని చెబుతారు. ఆవిడ ముఖం మాత్రం విడిగా పెద్దది చేసి చిన్నత్త కొడుక్కి పంపండి. చిన్నత్త వైపు మనిషి అయి ఉండొచ్చు, ఆవిడ పక్కనే నిలబడి ఉంది.